ఆసుపత్రుల మధ్య తేడాలను లెక్కలోకి తీసుకోని విశ్లేషణపై ఫిర్యాదు

గణాంక విశ్లేషణ విభాగాధిపతి గారికి,

నమస్కారం. మా బహుకేంద్ర అధ్యయనంపై మీ సంస్థ పంపిన తుది నివేదికను నేను అంగీకరించలేకపోతున్నాను. శస్త్రచికిత్స గాయాలకు ఇన్ఫెక్షన్ సోకకుండా చూసే కొత్త పద్ధతిని నాలుగు ఆసుపత్రులు పాటించగా, మరో నాలుగు పాత పద్ధతిలోనే కొనసాగాయి; ఒక్కో చోట 100 మంది చొప్పున 800 మంది రోగుల వివరాలు మీకు అందించాం. మీరు ఆ 800 మందినీ ఒకరితో ఒకరికి సంబంధం లేనివారిగా లెక్కగట్టి, ఇన్ఫెక్షన్ పాత పద్ధతిలో 18 శాతం, కొత్త పద్ధతిలో 12 శాతం ఉందని, పి విలువ 0.02 కనుక కొత్త పద్ధతి మేలని తేలిపోయిందని రాశారు.

ఒకే ఆసుపత్రిలో చేరినవారికి సర్జన్లు, ఆపరేషన్ థియేటర్, డ్రెస్సింగ్ చేసే నర్సులు ఉమ్మడి కాబట్టి వారి ఫలితాలు ఒకదానినొకటి పోలి ఉంటాయి. పైగా ఏ పద్ధతి పాటించాలన్నది రోగి రోగికీ కాక ఆసుపత్రి మొత్తానికీ ఒకేసారి నిర్ణయమైంది కనుక, ఇక్కడ నిజంగా పోల్చుతున్నది ఎనిమిది ఆసుపత్రులను. మీ నివేదిక అనుబంధంలోనే ఆసుపత్రుల వారీ ఇన్ఫెక్షన్ శాతాలు ఉన్నాయి: కొత్త పద్ధతిలో 8, 10, 13, 17, పాత పద్ధతిలో 11, 16, 19, 26. ఈ ఎనిమిది అంకెలతోనే టీ పరీక్ష చేస్తే తేడా అదే 6 శాతం పాయింట్లు వస్తుంది, కానీ దాని ప్రామాణిక దోషం మీరు చూపిన 2.5 కాదు, 3.7. స్వేచ్ఛా పరిమాణాలు 6 మాత్రమే కాబట్టి 95 శాతం విశ్వాస అంతరం మైనస్ 3 నుంచి 15 వరకు సాగుతుంది, పి విలువ 0.16 దాకా పోతుంది. ఆసుపత్రి లోపలి సహసంబంధం సుమారు 0.012 మాత్రమే అయినా, ఒక్కో గుంపులో 100 మంది ఉండడం వల్ల విస్తృతి రెట్టింపు దాటింది. 800 మంది ఇచ్చిన సమాచారం దాదాపు 370 మంది ఇచ్చేదానితో సమానం.

ఈ సంగతి తెలియజేశాక మీరు పంపిన సవరణ నన్ను మరింత కలవరపరిచింది. మీరు ఆసుపత్రిని స్థిర చలరాశిగా చేర్చారు.

```
glm(infection ~ protocol + hospital, family = binomial)
```

ప్రతి ఆసుపత్రికీ ఒకే పద్ధతి ఉన్నప్పుడు ఈ రెండు చలరాశులను విడదీయడం సాధ్యం కాదు. అందుకే సాఫ్ట్‌వేర్ చివరి ఆసుపత్రి గుణకాన్ని NA అని వదిలేసింది. `protocol` పక్కన కనిపించే అంకె చివరి ఆసుపత్రికీ మొదటి ఆసుపత్రికీ మధ్య తేడా తప్ప మరొకటి కాదు. దాన్ని పద్ధతి ప్రభావంగా పట్టికలో ముద్రించడం క్షమించరానిది, ఎందుకంటే దాని ఆధారంగా వార్డుల్లో మందులు, ఖర్చులు మారతాయి.

కాబట్టి అదనపు రుసుము లేకుండా ఆసుపత్రి స్థాయి పోలికను ప్రధాన ఫలితంగా చూపుతూ కొత్త నివేదిక ఇవ్వాలని కోరుతున్నాను. మిశ్రమ నమూనా గానీ, గుంపుల వారీ ప్రామాణిక దోషాలు గానీ వాడితే, తక్కువ గుంపులకు తగిన సవరణ తప్పనిసరిగా చేయాలి. ఎనిమిది గుంపులతో అది లేకపోతే ప్రామాణిక దోషం మళ్లీ తక్కువగానే వస్తుంది. సహసంబంధ విలువను కూడా ప్రకటించాలి. ఆసుపత్రులను యాదృచ్ఛికంగా కేటాయించలేదు కాబట్టి రోగుల తీవ్రతలో తేడాలు ఈ సవరణతో పోవని కూడా నివేదికలో స్పష్టంగా రాయండి. అది అందేవరకు ఈ ఫలితాలను పత్రికకు పంపను, మిగిలిన చెల్లింపును నిలిపివేస్తున్నాను.

ఇట్లు,
ప్రధాన పరిశోధకురాలు