ఈ నెల అన్నం గురించి, మేం భోజనం వండి పంపే హాస్టళ్లకీ ఆఫీసులకీ ఆసుపత్రులకీ

"అన్నం ముద్దయిపోతోందండీ, పిల్లలు సగం వదిలేస్తున్నారు. బియ్యం మార్చారా?" (బ్రాడీపేట హాస్టల్ వార్డెన్ గారి మెసేజ్)

మేం మార్చలేదండీ, మాకు చెప్పకుండా మార్చి పంపారు. మీ అందరికీ విషయం ఉన్నదున్నట్టు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మేం వండేది పాత సాంబ మసూరి, కనీసం ఏడాది నిలవ ఉన్నది. డిసెంబరులో సార్వా పంట మిల్లుకొచ్చాక పాత బియ్యం ధర పెరుగుతుంది, కొత్తవి చవగ్గా దొరుకుతాయి. మాకు ఏళ్ల తరబడి బియ్యం ఇస్తున్న వ్యాపారి సంక్రాంతి లోడులో పాతవాటిలో కొత్తవి కలిపి, రోజూ వచ్చే సంచుల్లోనే పంపాడు. మొత్తం కొత్తవే పంపి ఉంటే మొదటి గుండిగలోనే దొరికిపోయేవాడు. సంచి మీద బ్రాండు ఉంటుంది గానీ ఏ ఏటి పంటో ఎవరూ రాయరు.

మొదట్లో అందరూ మా వంట మాస్టర్‌నే అన్నారు. ఆయన నీళ్లు తగ్గిస్తే అన్నం పలుకయింది, పెంచితే ముద్దయింది. ఒకరోజు వార్చిన అన్నం పళ్లెంలో పరిచి చూపించాడు. పక్కపక్కనే ఒక మెతుకు నడుమ పలుకుగా ఉంది, ఇంకో మెతుకు వేలు పెడితే పేస్టులా అంటుకుంది. ఒకే గుండిగలో పలుకూ ముద్దా రెండూ ఉంటే అది నీళ్ల తప్పు కాదు, రెండు రకాల బియ్యం కలిశాయని అర్థం. పాత గింజ ఉడికేలోపు కొత్త గింజ కరిగిపోతుంది. తర్వాత సంచి అడుగునుంచి గుప్పెడు తీసి పంటి కింద పెట్టి చూశాను, కొన్ని గింజలు పటుక్కుమన్నాయి, కొన్ని మెత్తగా నలిగాయి.

ఇంట్లో అయితే కొత్త బియ్యం అంత ఇబ్బంది పెట్టవు, దించగానే తినేస్తాం కదా. మన దగ్గర పదకొండింటికి వార్చిన అన్నం హాట్ బాక్సులో మూతపడి, ఆటోలో వచ్చి, హాస్టల్లో చివరి బ్యాచ్ తినేసరికి రెండవుతుంది. అంతసేపూ తన ఆవిరికి తనే మగ్గుతూ, పైఅన్నం బరువుకి అడుగుది నొక్కుకుపోతూ ఉంటుంది. పాత బియ్యమైతే అదంతా తట్టుకుంటుంది. ఆసుపత్రి నుంచి మాత్రం ఒక్క కంప్లైంటూ రాలేదు, పేషెంట్లకి మెత్తగా ఉండటమే నచ్చింది. ఆఫీసు క్యాంటీన్‌లో ఎవరో "రేషన్ బియ్యం వండుతున్నారు" అన్నారట. ఆ మాట మాత్రం నాకింకా మింగుడుపడలేదు.

అడిగితే వ్యాపారి "ఈ సీజన్లో అందరిదీ ఇంతే" అన్నాడు. మిగిలిన సంచులు అతని కొట్టుకే తిప్పి పంపాను.

ఆ తర్వాత నాకు నిజంగా నిద్రపట్టలేదు. స్టీమ్ బియ్యానికి మారిపోతే గొడవ ఉండదని అందరూ చెప్పారు. వడ్లకి ఆవిరి పట్టించి ఆడించిన బియ్యం అవి, కొత్తవైనా అన్నం పొడిపొడిగా ఉంటుంది, ధరా తక్కువే, పైగా అప్పుకి దొరుకుతాయి. వండి చూశాను. వేడిగా ఉన్నప్పుడు బాగానే ఉంది, చల్లారాక బిరుసెక్కింది, పెరుగు వేసి ఎంత కలిపినా మెతుకు మెదగలేదు. రాత్రి పెరుగన్నంతోనే కడుపు నింపుకునే పిల్లలున్న హాస్టళ్లకి నేను అది పంపను. ఎవరేమనుకున్నా సరే, పంపను.

అందుకే మిర్యాలగూడ మిల్లు నుంచి నేరుగా పాత బియ్యం తెప్పిస్తున్నాను. లోడు దించేముందు ఏవో రెండు సంచుల అడుగునుంచి బియ్యం తీసి చిన్న గిన్నెలో వండి, గంటసేపు మూతపెట్టి చూస్తాం. అన్నం విడివిడిగా ఉంటేనే సంచులు దిగుతాయి. మీరెవరైనా వచ్చి చూడొచ్చు.

చిక్కల్లా డబ్బు దగ్గరే. పాత వ్యాపారి నెల రోజులు అప్పిచ్చేవాడు, మీ బిల్లులు కూడా నెల దాటాకే వస్తాయి కాబట్టి అలా సర్దుకుపోయేది. మిల్లువాళ్లు లోడుకి ముందే డబ్బు అడుగుతున్నారు. కూరగాయలు, గ్యాస్, జీతాలు ఎలాగూ ఆగవు. ప్లేటు రేటు పెంచాలా, బిల్లు తొందరగా అడగాలా అని చాలా ఆలోచించాను. హాస్టళ్లు పిల్లల దగ్గర ఏడాది ఫీజు ముందే మాట్లాడేసుకుని ఉంటాయి, మధ్యలో రేటు పెంచితే ఆ భారం కూరలో నీళ్లుగా మారుతుంది. అందుకని ఉగాది దాకా రేటు ముట్టుకోను. ఫిబ్రవరి నుంచి 1వ తేదీన, 16వ తేదీన రెండు బిల్లులు పంపుతాను, వారంలోపు కట్టండి. ఆసుపత్రుల అకౌంట్స్‌లో ఇది కుదరదంటే నాకు ఫోన్ చేయండి, వాళ్లకి పాత పద్ధతే ఉంచుతాను.

అన్నం ముద్దయిన రోజుల్లో వదిలేసిన ప్లేట్ల లెక్క వార్డెన్ గార్ల దగ్గర ఉంటే పంపండి, ఈ నెల బిల్లులో తీసేస్తాను.