ఆ 17,580 మాయ

హన్మకొండ,
2025 జూన్ ఆఖరు వారం

ఒరేయ్ దోస్తూ,

నీ జాబు వచ్చి చాన రోజులైంది, జవాబు ఆలస్యమైనందుకు తిట్టుకుంటనే ఉంటవు. తిట్టుకో, తప్పు నాదే. ఇక్కడ అందరు బాగున్నరు, ఎండలు తగ్గినయి, మన పులిహోర మాష్టారు ఇంకా అదే సంచితోనే తిరుగుతున్నడు. ఇగ ముచ్చట్లు బంద్. కాజీపేట రైల్వేల రిటైరైన చిన్నాయన పోయినంక చిన్నమ్మకు పింఛను మార్పించేది ఎట్లని అడిగినవు గదా, దాని మీదనే రాస్తున్న. నువ్వు పంపిన పింఛను చెల్లింపు ఉత్తర్వు, అదే పీపీఓ నకలు చూసినప్పటి నుంచి ఒక మాట నోట్ల ఆడుతున్నది. ముందుగాల కాయితాల సంగతి చెప్పి దాని దగ్గరికి వస్త, లేకుంటే నువ్వు సగం చదివి బ్యాంకుకు ఉరుకుతవు.

మరణ ధ్రువపత్రం చిన్నాయన చనిపోయిన ఊరి నుంచే రావాలె, ఉన్న ఊరి నుంచి కాదు. వరంగల్‌లనే పోయిండు కాబట్టి మన కార్పొరేషన్‌లనే నమోదైతది. ఇరవై ఒక్క రోజుల లోపల చెప్తే ఆలస్య రుసుము ఉండదు. ఆసుపత్రిల పోతే ఆసుపత్రోళ్లే చెప్తరు గని, పేరు ఎట్ల రాసిచ్చిన్రో పక్కన నిలబడి చూసుకోవాలె. పీపీఓల ఇంటిపేరు పూర్తిగ ఉండి, పత్రంల ఒక్క అక్షరమే ఉంటే బ్యాంకుల అక్కడ్నే బ్రేకు పడుతది. దిద్దించేది ఏమన్న ఉంటే బ్యాంకుకు పోకముందే దిద్దించు.

ఖాతా ఇద్దరి పేరు మీద ఉన్నదని రాసినవు. అది అదృష్టమే అనుకో. భార్య పేరు పీపీఓల ఉండి, పింఛను పడే ఖాతాల ఆమె కూడ జాయింటు ఉంటే కొత్త ఖాతా తెరిచే పని లేదు, పెద్ద దరఖాస్తు ఫారం కూడ అడగొద్దు. తెల్ల కాయితం మీద చిన్నమ్మ ఒక అర్జీ రాసి, దానికి మరణ ధ్రువపత్రం, ఇంట్ల ఉన్న పీపీఓ నకలు, ఆమె పుట్టిన తేదీకి రుజువుగ ఆధార్ లేదా పాన్ జతచేస్తే చాలు. ఎక్కువ పైసలు పడితే తిరిగి ఇస్తనని ఒక హామీ పత్రం మీద సంతకం కూడ తీసుకుంటరు. ‘ముందు కొత్త ఖాతా తెరువుండ్రి’ అని కౌంటరు కాడ అంటే సంతకం పెట్టకు, మేనేజరు దగ్గరికి పో. పుట్టిన తేదీని మాత్రం తేలికగ తీసుకోకు. ఎనభై ఏండ్లు నిండినంక వచ్చే ఇరవై శాతం అదనపు పింఛను చిన్నమ్మ వయసు మీదనే లెక్కిస్తరు. ఇప్పుడు తప్పు తేదీ ఎక్కితే అప్పుడు దిద్దించెతందుకు కాళ్లరిగిపోతయి.

ఒకవేళ పీపీఓల ఆమె పేరే లేకపోతే బ్యాంకు ఏం చెయ్యలేదు. కాజీపేట సికింద్రాబాద్ డివిజన్ కిందికి వస్తది కాబట్టి అక్కడి పర్సనల్ శాఖకే పోవాలె. మనకు ఆ బాధ లేదులే.

ఇంకొకటి. చిన్నాయన మే 18న పోయిండు, ఆ రోజు దాక పింఛను ఆయనది. 19 నుంచి కుటుంబ పింఛను. బ్యాంకుకు తెల్వకపోతే ఆయన పింఛను మొత్తం నెలకు పడుతనే ఉంటది. అది తీసి ఖర్చు పెట్టొద్దని మీ తమ్మునికి గట్టిగ చెప్పు, ఏటీఎం కార్డు వాని జేబులనే ఉంటదని నాకెరుక! ఎక్కువ పడిందంత తర్వాత చిన్నమ్మ బకాయిలనే కోసుకుంటరు.

ఇగ అసలు ముచ్చట. పీపీఓ ముందర పెట్టుకొని చదువు.

చిన్నాయన ఆఖరి బేసిక్ 58,600. అందుల సగం, 29,300, ఆయన పింఛను. రిటైరైనప్పుడు నలభై శాతం కమ్యూట్ చేసిండు, అంటే ఆ భాగానికి పైసలు ఒక్కసారే తీసుకున్నడు కాబట్టి నెలకు 11,720 కోసి 17,580 ఇచ్చిన్రు. కరువు భత్యం మాత్రం కోతకు ముందున్న 29,300 మీదనే కడుతరు. 2025 జనవరి నుంచి జూన్ దాక అది 55 శాతం, అంటే 16,115. అన్ని కలిపి ఆయనకు పడింది 33,695.

కుటుంబ పింఛనుకు రెండు రేట్లు. మామూలు రేటు ఆఖరి బేసిక్‌ల ముప్పై శాతం, అంటే 17,580. చూసినవా? కమ్యూట్ చేసినంక ఆయన తీసుకున్న అంకె కూడ అదే. సగంల అరవై శాతమంటే మొత్తంల ముప్పై శాతమే గదా, నలభై శాతం కమ్యూట్ చేసినోళ్లందరికి ఈ రెండు అంకెలు ఒక్కటే అయితయి. అందుకే ‘అప్పుడు 17,580, ఇప్పుడు 17,580, సరిపోయింది’ అని ఇంటోళ్లు ఊకుంటరు. ఇది చూస్తే నాకు ఒళ్లు మండుతది.

ఎందుకంటే చిన్నమ్మకు ఇప్పుడు రావాల్సింది పెంచిన రేటు, యాభై శాతం. పింఛనుదారు పోయిన రోజు నుంచి ఏడేండ్లు, లేదా ఆయన బతికుంటే అరవై ఏడు నిండే తేదీ, రెండింట్ల ఏది ముందొస్తే అప్పటిదాక ఆ రేటు నడుస్తది. ఆయన పుట్టింది 1960 ఆగస్టు 10. ఏడేండ్లంటే 2032, అరవై ఏడంటే 2027 ఆగస్టు. కాబట్టి 2027 ఆగస్టు దాక బేసిక్ 29,300. కమ్యుటేషన్ కోత ఆయనతోనే పోయింది, మిగిలిన వాయిదాలు భార్య దగ్గర వసూలు చెయ్యరు. 29,300కు భత్యం 16,115 కలిపితే 45,415. అవును, ఆయనకు పడినదానికంటె ఎక్కువే! బ్యాంకు తప్పేసిందని భయపడి వాపసు ఇయ్యకుండ్రి.

మొదటి పింఛను పడంగనే స్లిప్పు తీసుకొని భత్యం గడి చూడు. మొత్తం 45,415 ఉంటే పని అయినట్టే. 33,695 పడితే కమ్యుటేషన్ కోత ఇంకా నడుస్తున్నట్టు. 27,249 పడితే మామూలు రేటు ఎక్కించిన్రని అర్థం, అప్పుడు భత్యం 9,669 కనబడుతది. దాంట్ల నెలకు 18,166 పోతది, చిన్నమ్మ మందులు, కిరాయి అన్ని అండ్లనే వెళ్లిపోతయి... అది వేరే కత. బ్రాంచిల లెక్క కట్టరు, పింఛన్ల కేంద్ర విభాగంల కడుతరు. అందుకే పీపీఓల రెండు రేట్లు, పెంచిన రేటు ఏ తేదీ దాకనో ఉన్న పేజీ మీద గీత గీసి అర్జీకి జతచెయ్యి. 2027ల మాత్రం బేసిక్ 17,580కి దిగుతది, అది తప్పు కాదు. అప్పుడు నాకు ఫోన్ చేసి తిట్టకు.

ఎన్ని రోజులంటవా? కాయితాలన్ని అందినంక నెల లోపల మొదలు కావాలె. అర్జీ నకలు మీద తేదీతోని బ్యాంకు ముద్ర వేయించుకో, ముద్ర లేకుంటే నెల ఎప్పటి నుంచి లెక్కపెడుతవు? మే 19 నుంచి బకాయి అంత ఒక్కసారే పడుతది. బ్యాంకు వల్ల ఆలస్యమైతే ఎనిమిది శాతం వడ్డీ అడగకున్న ఇయ్యాలని రిజర్వు బ్యాంకు నియమం ఉన్నది. అయినా కదలకపోతే CPENGRAMS పోర్టల్‌ల ఫిర్యాదు పెట్టు, పీపీఓ నంబరు తప్పకుంట రాయి.

నవంబరుల చిన్నమ్మ పేరు మీద లైఫ్ సర్టిఫికెట్ మొదటిసారి ఇయ్యాలె. వేలిముద్ర పడకపోతే ముఖం చూపించి ఫోన్లనే... ఇగో, పోస్టు డబ్బా ఖాళీ చేసేటాయన వచ్చిండు, ఈ జాబు ఇప్పుడు వెయ్యకుంటే రేపటిదాక ఇక్కడ్నే. మిగిలింది ఫోన్ల చెప్త, స్లిప్పు పడంగనే ఫొటో పంపు.

నీ
‘మూడో బెంచి’