తోతాపురి కాయ ఈసారి రెండు విడతల్లో ఇస్తాం

"ఈ సీజన్‌కు మీ సంఘం ఖాయంగా ఎన్ని టన్నులు ఇస్తుంది? గ్రేడు ఎలా చూద్దాం? లారీలు ఎప్పటి నుంచి పంపమంటారు?"

గుజ్జు ఫ్యాక్టరీ మేనేజరు గారికి, మా మామిడి రైతుల సంఘం తరఫున నమస్కారం. మీరు అడిగిన పై ప్రశ్నలకు మా జవాబు ఇది.

జనవరిలో మీతో 180 టన్నులన్నాం. ఇప్పుడు 140కి మాత్రమే మాట ఇవ్వగలం. మొదటి పూత బాగా నిలిచింది. రెండో పూతకు పట్టిన పిందె చాలావరకు రాలిపోయింది. మిగిలింది ఇంకా లేతగానే ఉంది. ఒకే కొమ్మకు ముదురు కాయ, లేత కాయ కలిసి ఉన్నాయి. అన్నీ ఒకేసారి కోసేస్తే మాకు కూలి కలిసొస్తుంది కానీ, మీకు గుజ్జు పుల్లగా వస్తుంది. అందుకే జూన్ 9 నుంచి 90 టన్నులు, తర్వాత రెండు వారాలు ఆగి మిగతా 50 కోస్తాం.

కాయ ముదిరిందో లేదో తోటలోనే చూస్తాం. చెట్టుకు రెండు కాయలు కోసి చూస్తే, టెంక చుట్టూ కండ లేత పసుపు తిరిగి ఉండాలి. అనుమానం ఉంటే బకెట్ నీళ్లలో వేస్తాం. ముదురు కాయ మునుగుతుంది, లేతది తేలుతుంది. పగిలినవి, ఈగ కుట్టినవి, నేలరాలినవి లారీ ఎక్కవు. 250 గ్రాములలోపు కాయను వేరే క్రేట్లలో పెడతాం. కార్బైడ్ మా తోటల్లోకి రాదు. మాగబెట్టే పని మీ గదుల్లోనే జరగాలి.

బ్రిక్స్ గురించి మాత్రం ఒక మనవి. పచ్చికాయలో ఉండేది పిండి పదార్థం, అది మాగాకే చక్కెరవుతుంది. గేటు దగ్గర పచ్చికాయ రసం తీసి చూసి బ్రిక్స్ 14 రాలేదంటే ఆ లెక్క మాకు న్యాయం కాదు. లారీకి 20 కాయలు తీసి, లాట్ నంబరు వేసి విడిగా మాగబెట్టండి. పరీక్ష రోజు మా మనిషి ఒకరు వస్తారు. అప్పటికీ 14 రాకపోతే తరుగు మేమే ఒప్పుకుంటాం.

లారీకి 10 టన్నుల చొప్పున రోజుకు రెండు లారీలు నింపగలం. అంటే మొదటి విడత ఐదు రోజుల్లో అయిపోతుంది. పొద్దున్నే కోసి, తొడిమ కొంచెం ఉంచి, సొన కారనిచ్చి, మధ్యాహ్నం మూడుకల్లా కాటా వేయిస్తాం. గత ఏడాది మన రెండు లారీలు మీ గేటు బయట రాత్రంతా నిలబడ్డాయి. అడుగు కాయ వేడెక్కి నల్లబడింది, ఆ నష్టం రైతుల మీదే పడింది. ఈసారి ముందు రోజు సాయంత్రం టోకెన్ నంబరు ఇస్తేనే కోత మొదలుపెడతాం. టోకెన్ సమయం దాటి నాలుగు గంటలకు మించి లారీ ఆగితే, ఆ తర్వాత చెడిన కాయకు తరుగు వేయొద్దు.

దారిలో కాయ కొంత తడి పోగొట్టుకుంటుంది కాబట్టి, మా కాటాకూ మీ కాటాకూ 100 కిలోల తేడా వరకు పట్టించుకోం. అంతకు మించితే ఖాళీ లారీని మళ్లీ తూద్దాం. వాన పడిన రోజు కోయం. తడి కాయకు తొడిమ దగ్గర కుళ్లు పట్టుకుంటుంది. ఆ రోజు లారీ రానక్కర్లేదని ఉదయం ఆరింటికల్లా ఫోన్ చేస్తాం.

కోత మేస్త్రీకి బయానా ఇవ్వాలి. టోకెన్, బ్రిక్స్ విషయాల్లో మీ జవాబు మే 30లోగా రాతపూర్వకంగా పంపండి.

ఇట్లు,
సంఘం కార్యదర్శి