అనులోమ విలోమం చేస్తే బీపీ మాత్రలు మానొచ్చా?

సంపాదకులకు నమస్కారం.

పత్రికల ఆరోగ్య పేజీల్లో, కాలనీ యోగా శిబిరాల్లో, ఒక్కో ముక్కు మూసి మార్చి మార్చి ఊపిరి పీల్చి వదిలే అనులోమ విలోమ ప్రాణాయామం గురించి మూడు మాటలు కలిపి చెబుతున్నారు: రక్తంలో ఆక్సిజన్ పెరుగుతుందని, మెదడులోని రెండు భాగాలూ సమమవుతాయని, బీపీ మాత్రలతో పని ఉండదని. ఏళ్ల తరబడి ఫిజియాలజీ పాఠాలు చెప్పినవాణ్ణి కాబట్టి ఈ మూడో మాట నన్ను భయపెడుతోంది.

మణికట్టు దగ్గర నాడి పట్టుకుని నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి. పీల్చేటప్పుడు నాడి కాస్త వేగంగా, వదిలేటప్పుడు నిదానంగా కొట్టుకుంటుంది. వయసులో ఉన్నవాళ్లకైతే ఇది బాగా తెలుస్తుంది. వదిలేటప్పుడు గుండెకు పగ్గం వేసేది వేగస్ నరం. మామూలుగా మనం నిమిషానికి 12 నుంచి 18 సార్లు ఊపిరి తీస్తాం. ఒక ముక్కు మూస్తే గాలికి దారి సన్నబడుతుంది, వేళ్లు మార్చడానికీ సమయం పడుతుంది, దాంతో ఆ లెక్క 6 దగ్గరికి దిగుతుంది. రక్తపోటును సరిచేసే వ్యవస్థకు సుమారు 10 సెకన్ల లయ ఉంది. శ్వాస ఆ లయతో కలిసినప్పుడు గుండె వేగంలో హెచ్చుతగ్గులు బాగా పెరుగుతాయి. ఇది కొలిచి చూసిన విషయమే. చేసిన వెంటనే పై బీపీ కొద్దిగా తగ్గినట్టు కూడా కొన్ని అధ్యయనాల్లో కనిపించింది. అయితే రెండు ముక్కులతోనూ అంతే నెమ్మదిగా పీల్చినా ఈ మార్పు చాలావరకు వస్తుంది.

ఆక్సిజన్ సంగతి కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరే చెబుతుంది. ఆరోగ్యవంతుడికి అది ముందే 97, 98 చూపిస్తుంది. ఇంక ఎక్కించడానికి రక్తంలో చోటెక్కడ? మెదడు మాటకు ఆధారం బలహీనం. ఏ ముక్కుతో పీల్చినా గాలి గొంతులో ఒకే దారిన పడి ఊపిరితిత్తులకు వెళ్తుంది. ముక్కులు కొన్ని గంటలకోసారి వంతులవారీగా బిగుసుకోవడం కూడా సహజమే, 1895లోనే కైజర్ అనే జర్మన్ వైద్యుడు దీన్ని వివరించాడు.

ఇక బీపీ. మెట్లెక్కి వచ్చి చూసుకుంటే పై అంకె 152 వచ్చిందనుకుందాం. పావుగంట ప్రాణాయామం చేశాక 140. ఆ 12 పాయింట్లూ ప్రాణాయామానివేనా? ఊరికే కూర్చున్నా బీపీ తగ్గుతుంది. మరో రోజు అదే వేళకు, అలాగే మెట్లెక్కి వచ్చి, పావుగంట మౌనంగా కూర్చుని మళ్లీ చూసుకుంటే తేడా కొంత తెలుస్తుంది. అప్పుడు 143 వస్తే ప్రాణాయామం వంతు మూడే అని అనుకోవాలి. ఒక్క రోజు అంకెలతో అదీ తేలదు, కొన్ని రోజులు చూసుకోవాలి. పైగా ఈ తగ్గుదల రేపు పొద్దున్నదాకా నిలిచిందా అన్నది వేరే ప్రశ్న. మాత్ర పని చేయాల్సింది రోజంతా.

మాత్ర మానేసినవాళ్లకు వెంటనే ఏమీ తెలియదు. బీపీ పెరిగినా చాలామందికి తలనొప్పి కూడా రాదు. టెన్షన్ తగ్గి మనసు తేలికపడితే బీపీ కూడా తగ్గిందనే అనుకుంటారు. దయచేసి ఇలాంటి వ్యాసాలు వేసేటప్పుడు బీపీ ఎప్పుడు కొలిచారో, దేనితో పోల్చారో అడిగి రాయించండి. డాక్టరు చెప్పకుండా మాత్ర తగ్గించొద్దన్న వాక్యం కూడా అదే వ్యాసంలో, అదే సైజు అక్షరాల్లో వేయండి.

— ఫిజియాలజీ విశ్రాంత అధ్యాపకుడు, గుంటూరు