షెడ్యూల్ చేసిన మెసేజ్ ఏ సిమ్ నుంచి వెళ్తుందో చూపించాలి

సంపాదకుడు గారికి,

రెండు సిమ్‌ల ఫోన్లలో షెడ్యూల్ చేసిన మెసేజ్ తప్పు నంబరు నుంచి వెళ్లడం తరచూ జరిగేదే. అలా జరిగితే చాలామంది డిఫాల్ట్ సిమ్ సెట్టింగును అనుమానిస్తారు. అసలు చిక్కు తరచుగా ఇంకోచోట ఉంటుంది.

ఉదాహరణకు సిమ్ 1 సొంతానికి, సిమ్ 2 ఆఫీసు పనికి వాడుతున్నారనుకుందాం. మెసేజ్‌లకు డిఫాల్ట్‌గా సిమ్ 2 పెట్టుకున్నారు. రాత్రి ఒక క్లయింటుకు మెసేజ్ రాసి, పొద్దున 7 గంటలకు వెళ్లేలా షెడ్యూల్ చేశారు. అది సొంత నంబరు నుంచి వెళ్లింది. ఎందుకంటే ఆ క్లయింటు అంతకుముందు సొంత నంబరుకే మెసేజ్ పెట్టారు. చాలా యాప్‌లు ఒక సంభాషణలో చివరిగా వాడిన సిమ్‌నే గుర్తుపెట్టుకుని, అందులో రాసే తర్వాతి మెసేజ్‌కీ దాన్నే తీసుకుంటాయి. డిఫాల్ట్ సెట్టింగు ముఖ్యంగా కొత్త సంభాషణలకు పనికొస్తుంది. పైగా మొబైల్ డేటాకు, కాల్స్‌కు, మెసేజ్‌లకు విడివిడిగా సిమ్ ఎంచుకోవాలి. డేటా సిమ్ మార్చి మెసేజ్ సిమ్ కూడా మారిందనుకోవడం మరో పొరపాటు.

కాబట్టి సెండ్ బటన్‌ను నొక్కి పట్టుకుని సమయం పెట్టే ముందే, రాసే పెట్టె దగ్గర కనిపించే సిమ్ గుర్తును చూడాలి. తప్పు సిమ్ ఉంటే అక్కడే నొక్కి మార్చుకోవచ్చు. షెడ్యూల్ అయిపోయాక గుర్తొస్తే సెట్టింగ్స్‌లోకి వెళ్లి లాభం లేదు. అప్పటికే వరుసలో ఉన్న మెసేజ్ ఆ మార్పును పాటిస్తుందని నమ్మడానికి లేదు. దాన్ని తొలగించి, సిమ్ మార్చి, మళ్లీ షెడ్యూల్ చేయడమే ఖాయమైన దారి.

ముందుగా పరీక్షించుకోవాలని కొందరు తమ రెండో నంబరుకు ఒకటి షెడ్యూల్ చేసి చూస్తారు. సరిగ్గా వస్తే నిశ్చింతగా ఉంటారు. కానీ అది ఆ ఒక్క సంభాషణ సంగతే చెబుతుంది, క్లయింటు సంభాషణలో ఏ సిమ్ ఉందో చెప్పదు. ఇంకొకటి, ఎస్సెమ్మెస్‌ను ఆ సమయానికి పంపేది ఫోనే. ఫోన్ ఆఫ్‌లో ఉన్నా, ఆ సిమ్ తీసేసినా, దానికి సిగ్నల్ లేకపోయినా వేళకు వెళ్లదు. రెండో సిమ్‌కు నిండా సిగ్నల్ ఉంది కదా అని ధీమా పడొద్దు.

వాడేవాళ్లనే జాగ్రత్తగా ఉండమనడం నాకు సబబుగా అనిపించదు. తేదీ, సమయం ఖరారు చేసే చోట ఫోన్ తయారీదార్లు, యాప్ సంస్థలు సిమ్ పేరు, నంబరు చివరి అంకెలు కూడా చూపించాలి. వరుసలో ఉన్న మెసేజ్‌ను తొలగించకుండానే సిమ్ మార్చే వీలు కూడా ఇవ్వాలి.

— ఒక పాఠకుడు