అమ్మకి, ఐర్లండ్‌లోని కార్క్ నుంచి

ఆదివారం రాత్రి

అమ్మా,

చెల్లి పంపిన బాబు ఫోటోలన్నీ చూశాను. ఫోన్‌లో చెప్తే మధ్యలో నాన్న లాక్కుంటారు, నువ్వు సగమే వింటావు. అందుకే రాస్తున్నాను. చదివాక ఈ కాగితం చెల్లికి కూడా ఇవ్వు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. వార్డులో ఈ వారం అన్నీ రాత్రి డ్యూటీలే, అంతకు మించి చెప్పడానికేం లేదు.

ముందు నీ బెంగల సంగతి. ముక్కు మీద, బుగ్గల మీద ఉన్న తెల్లటి సన్న గింజలు చీము పొక్కులు కావు. చర్మం పొట్టు లోపలే చిక్కుకుని అలా కనిపిస్తుంది. మిలియా అంటారు. కొన్ని వారాల్లో వాటంతట అవే పోతాయి. నీళ్ళు పోసే ఆవిడ నలుగుపిండితో రుద్దినా, గోటితో గిల్లినా అక్కడ పుండు పడుతుంది. ఆవిడకి గట్టిగా చెప్పు.

మాడు మీద పసుపుపచ్చగా, జిడ్డుగా అంటుకున్న పెచ్చులు కూడా భయపడేవి కావు. నువ్వు కొబ్బరినూనె రాయడం మంచిదే కానీ, రాత్రంతా వదిలేస్తున్నావని చెల్లి చెప్పింది. నూనె అలా ఉండిపోతే పెచ్చు ఇంకా అంటుకుపోతుంది. స్నానానికి పావుగంట ముందు రాసి, మెత్తబడ్డాక పిల్లల మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా దువ్వి, షాంపూతో నూనె మొత్తం పోయేలా కడిగెయ్. ఊడిరానిది లాగకు. అది ఎర్రబడి రసి కారితేనో, వాసన వస్తేనో డాక్టర్‌కి చూపించాలి. ఫోటోలో అలాంటిదేమీ లేదు.

నడుం కింద ఉన్న నీలం మచ్చ ఎవరో గట్టిగా పట్టుకుంటే కమిలింది కాదమ్మా. కమిలితే నాలుగు రోజుల్లో రంగు మారుతుంది. ఇది పుట్టినప్పటి నుంచీ అలాగే ఉంది కదా. మన పిల్లల్లో చాలామందికి ఉంటుంది, పెద్దవుతున్నకొద్దీ పలచబడుతుంది. రేపు ఎవరైనా దెబ్బ అనుకోకుండా ఉండాలంటే డాక్టర్ కార్డులో రాయించి ఉంచమను. మెడ వెనక గులాబీ రంగు మచ్చ కూడా అలాంటిదే. ఏడ్చినప్పుడు ఎర్రబడుతుంది, వేలితో నొక్కితే పాలిపోతుంది. గ్రహణం పూట చెల్లి బయట తిరిగినందుకు వచ్చిందని వాళ్ళ అత్తగారు అంటున్నారట. చెల్లిని ఆ మాటతో ఏడిపించొద్దని నువ్వే చెప్పాలి. ఆ మచ్చకీ గ్రహణానికీ సంబంధం లేదు.

ఇప్పుడు మీరెవరూ అడగనిది. ఎడమ కంటి పైరెప్ప.

మూడో రోజు ఫోటోలో ఆ రెప్ప శుభ్రంగా ఉంది, పెద్దది చేసి చూశాను. పురుడు నాటి ఫోటోలో కాటుక దట్టంగా పెట్టారు, ఏమీ తెలియలేదు. నిన్న స్నానానికి ముందు తీసిన దాంట్లో కాటుక లేదు. రెప్ప మధ్యలో, వెంట్రుకలకి కొంచెం పైన, కందిపప్పు బద్దంత ఎర్రటి మచ్చ ఉంది. పక్క నుంచి తీసిన ఫోటోలో అంచు ఉబ్బినట్టుంది. చెల్లిని అడిగితే, "మెడ మీద ఉన్నట్టే ఇదీ ఉంది, అదే పోతుందని అమ్మ అంది" అంది. నీ మీద కోపంతో కాదు కానీ, ఈ రెండూ ఒకటి కావమ్మా. మెడ మీదది పుట్టుకతో వచ్చింది, నున్నగా ఉంది, పెరగదు. గులాబీ మచ్చలు రెప్పల మీద కూడా వస్తాయి కానీ అవి కూడా పుట్టినప్పుడే ఉంటాయి. ఇది మూడో రోజున లేదు, ఇరవై నాలుగో రోజుకి ఉంది, ఉబ్బింది. అలా వచ్చేది హిమాంజియోమా కావచ్చు. సన్నటి రక్తనాళాలు గుంపుగా పెరిగే గడ్డ అన్నమాట. క్యాన్సర్ కాదు. వీపు మీదో చేతి మీదో చిన్నది ఉంటే చాలాసార్లు చూస్తూ ఊరుకుంటారు, ఏళ్ళు గడిచేకొద్దీ అదే కుంచించుకుపోతుంది.

కంటి రెప్ప మీద మాత్రం ఊరుకోకూడదు. ఐదు నుంచి ఏడు వారాల మధ్య అది చాలా వేగంగా పెరుగుతుంది, మన గుంటడు ఆ వారాల్లోకి వస్తున్నాడు. రెప్ప బరువెక్కి కిందకి దిగితే కనుపాప మూసుకుంటుంది. పూర్తిగా మూయకపోయినా, గుడ్డు మీద ఒత్తిడి పడి చూపు వంకరవుతుంది. ఈ వయసులో మసకగా చూసే కంటిని మెదడు పక్కన పెట్టేస్తుంది. గడ్డ తర్వాత కరిగిపోయినా చూపు అంత తేలిగ్గా రాదు. నిరుడు మా దగ్గరికి నాలుగో నెలలో ఒక పాపని తెచ్చారు. అదే తగ్గుతుందని ఎవరో చెప్తే వాళ్ళు ఆగారు. ఆ పాప ఇప్పుడు మంచి కంటికి రోజూ పట్టీ కట్టుకుని, రెండో కంటితో చూడడం నేర్చుకుంటోంది. ఆ తల్లి మొహం నా కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

నెల నిండేలోపు నిపుణులు చూడాలని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2019లో రాసిన సూచనల్లో ఉంది. అంటే ఈ వారమే. పర్లాకిమిడిలో పిల్లల డాక్టర్‌కి చూపించి, అక్కడి నుంచి బరంపురం మెడికల్ కాలేజీకో, శ్రీకాకుళానికో, ఎక్కడ పిల్లల కళ్ళు చూసేవాళ్ళున్నారో అక్కడికి రాయించుకోండి. కంటి డాక్టర్ కూడా చూడాలి. అది మర్చిపోవద్దు.

వాళ్ళు మందు అవసరమంటే ప్రొప్రనొలోల్ ఇవ్వవచ్చు. అది పెద్దవాళ్ళ గుండెకీ బీపీకీ ఇచ్చే పాత మందు. ఈ గడ్డల మీద పనిచేస్తుందని 2008లో ఫ్రాన్స్ డాక్టర్లు తెలుసుకున్నారు. మందుల షాపులో మీరే అడిగి కొనకండి. బరువును బట్టి లెక్కకట్టి, గుండె చూసి మొదలుపెట్టాలి. పాలు తాగించాకే ఇవ్వాలి, పాలు తాగని పూట ఆపి డాక్టర్‌ని అడగాలి, లేకపోతే ఒంట్లో చక్కెర పడిపోతుంది. చూసి, అవసరం లేదు, వారం వారం రమ్మన్నా సరే. నేను దూరం నుంచి ఫోటో చూసి అనుమానపడుతున్నాను. రెప్పని పట్టుకుని చూసే చెయ్యి అక్కడి డాక్టర్‌దే.

దూరాన కూర్చుని పెత్తనం చేస్తున్నానని నాన్న అనుకుంటారని తెలుసు. పురుటికి రాలేకపోయాను. ఆ బాధ నాకూ ఉంది. వాడి ఒక్కో ఫోటో ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు, అందుకే కనిపించింది.

కాటుక మాత్రం ఆపు. దిష్టికైతే పాదం మీద చుక్క పెట్టు, కంటి దగ్గర వద్దు. ఆ మచ్చని నొక్కి చూడొద్దు, పసరు పొయ్యొద్దు. చెల్లితో చెప్పు: ఫోన్ కెమెరాలో మొహం నున్నగా చేసేది ఆపేసి, పొద్దున కిటికీ వెలుగులో ఒకే దూరం నుంచి, చెంప దగ్గర స్కేలు పెట్టి, మూడు రోజులకోసారి ఒక ఫోటో తీయాలి. ఒకటి నిద్రలో, ఒకటి కళ్ళు తెరిచినప్పుడు. తెరిచినప్పుడు రెండు కళ్ళూ సమానంగా తెరుచుకుంటున్నాయా అన్నది నాకు కావాలి. ఆ ఫోటోలే డాక్టర్‌కీ చూపించండి. మాటల కంటే వాటితోనే తొందరగా అర్థమవుతుంది.

నాన్న బీపీ మాత్రలు అయిపోకముందే తెప్పించు. ఆవకాయ జాడీ కింద నీళ్ళు ఊరుతున్నాయన్నావు, మూత గుడ్డ మార్చు.

గురువారానికి నాకు సెలవు. మీరు డాక్టర్ దగ్గర ఉన్నప్పుడు ఫోన్ చెయ్యండి, లోపలికి వెళ్ళే ముందు. నిద్రపోను.

నీ
పెద్దది