విడిపాల ధర పక్కన వెన్న శాతం కూడా రాయించండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో విడిపాలు లీటరు 70 రూపాయలకు పోస్తున్నారని, నందిని నీలం ప్యాకెట్ 46కే దొరుకుతుంటే ఇది పట్టపగలు దోపిడీ అని, విడిపాలు 50 రూపాయలకు మించి అమ్మకుండా కట్టడి చేయాలని ఒక పాఠకుడు రాసిన లేఖ మీ పేపర్లో చదివాను. ఆ 70 రూపాయల పాలు పోసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. మాది మదనపల్లె వైపు ఊరు. బూదిగెరె దగ్గర షెడ్డు వేసుకుని ఆరు ఆవులు, రెండు గేదెలు పెట్టుకున్నాం. గుంటూరు, విజయవాడల నుంచి వచ్చిన కుటుంబాలు "గడ్డ పెరుగు కావాలి, గేదె పాలే పోయండి" అని అడిగితే పోస్తున్నవే ఆ పాలు. ఆవు పాలు మాత్రం 50కే ఇస్తున్నాను. రాసినాయన ఆ సంగతి గమనించినట్టు లేదు.

ముందు మేత లెక్క చెబుతాను, ఎందుకంటే చాలామంది పాడివాళ్లు కూడా ఇక్కడే తప్పుతారు. రోజుకు సగటున 10 లీటర్లు ఇచ్చే సంకర జాతి ఆవుకు, దాని ఒంటికోసం ఒకటిన్నర కిలో, ప్రతి రెండున్నర లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున మొత్తం ఐదున్నర కిలోల దాణా పెడతాను. మాకు పడే ధర కిలో 28, అంటే 154 రూపాయలు. పచ్చిమేత 25 కిలోలకు 75, రాగి గడ్డి నాలుగు కిలోలకు 32, ఖనిజ మిశ్రమానికి నాలుగు. అంతా కలిపి రోజుకు 265. పది లీటర్లకు పంచితే లీటరుకు 26 రూపాయల 50 పైసలు. ఇంతేగా అనిపిస్తుంది.

కానీ ఆవు ఏడాది పొడుగునా పాలివ్వదు. మా షెడ్డులో ఒక ఈతకీ తర్వాతి ఈతకీ మధ్య సుమారు 390 రోజులు పడుతోంది. అందులో పాలిచ్చేది 300 రోజులు, మిగతా 90 రోజులు వట్టిపోయి ఉంటుంది. వట్టిపోయిందని మేత ఆపలేం కదా, కడుపులో దూడ పెరిగేది అప్పుడే. దాణా రెండు కిలోలకు తగ్గించినా రోజుకు 167 రూపాయలు అవుతుంది. 300 రోజులకు 79,500, 90 రోజులకు 15,030, మొత్తం 94,530. దాన్ని 3,000 లీటర్లకు పంచితే లీటరుకు ముప్పై ఒకటిన్నర. ఆ ఐదు రూపాయల తేడా ఏ రోజు ఖర్చు పుస్తకంలోనూ కనబడదు. ఎదకు వచ్చిన ఆవుకు ఒక్కసారి చూలు నిలవకపోతే ఇంకో 21 రోజులు ఆగాలి. ఆ రోజుల మేత లీటరు మీద మరో రూపాయికి పైగా వేస్తుంది. పనివాడి జీతం, డాక్టరు, కరెంటు, బండి పెట్రోలు, నా కూలి కలిపితే లీటరుకు ఇంకో 18. అలా ఆవు పాలు గుమ్మం దాకా చేరేసరికి 49 రూపాయల 50 పైసలు అవుతోంది. అందుకే 50.

ఇక గేదె పాలకు 70 ఎందుకన్నదే అసలు ప్రశ్న. పాలలో మనం డబ్బు పెట్టి కొనేది రెండు. ఒకటి వెన్న, డెయిరీవాళ్లు ఫ్యాట్ అంటారు. రెండోది వెన్న పోగా మిగిలే మాంసకృత్తులు, చక్కెర, లవణాలు. వాటిని కలిపి ఎస్ఎన్ఎఫ్ అంటారు. మిగతాదంతా నీళ్లే. లీటరు పాలు సుమారు 1,030 గ్రాములు తూగుతాయి. మా ఆవు పాలలో వెన్న 3.8 శాతం, ఎస్ఎన్ఎఫ్ 8.5 శాతం. అంటే లీటరులో 39 గ్రాముల వెన్న, 87 గ్రాముల పైచిలుకు ఎస్ఎన్ఎఫ్ ఉన్నట్టు. నెయ్యి ధరను చూసుకుని నేను కిలో వెన్నకు 600 కట్టుకున్నాను. లీటరుకు 23 రూపాయల 40 పైసలు వెన్నకు పోతే, నాకు పడిన ఖర్చులో మిగిలిన 26 చిల్లర ఎస్ఎన్ఎఫ్ మీద పడుతుంది. అంటే కిలో సుమారు 300.

అదే రేటు గేదె పాలకు వేయండి. మా గేదెల వెన్న 6.5, ఎస్ఎన్ఎఫ్ 9 శాతం. 67 గ్రాముల వెన్నకు 40 రూపాయల 20 పైసలు, ఎస్ఎన్ఎఫ్‌కు 27 రూపాయల 80 పైసలు, మొత్తం 68. పైన రెండు రూపాయలు చిల్లర గొడవ లేకుండా పెట్టుకున్నవే, ఒప్పుకుంటాను. ఇప్పుడు నీలం ప్యాకెట్ సంగతి. అది టోన్డ్ పాలు, వెన్న 3 శాతం, ఎస్ఎన్ఎఫ్ 8.5. నా రేటు ప్రకారం కట్టినా దానికి 45 రూపాయలే వస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి దాని ధర 46. పైగా వాళ్లకు పాలు పోసే రైతుకు ప్రభుత్వం లీటరుకు ఐదు రూపాయల ప్రోత్సాహకం ఇస్తోంది. వాళ్లు లక్షల లీటర్లు తిప్పుతారు, నేను తిప్పేది మహా అయితే డెబ్బై లీటర్లు. ఆ ప్యాకెట్ మీద నాకే ఫిర్యాదూ లేదు, మా ఇంట్లో పాలు చాలని రోజు మేమూ అదే తెచ్చుకుంటాం. సగం వెన్న కూడా లేని పాలతో గేదె పాలను లీటరుకు లీటరు పోల్చడం మాత్రం కుదరదు.

50 రూపాయలు మించకూడదని నిజంగానే కట్టడి చేస్తే ఏమవుతుందో కూడా లెక్కలోనే ఉంది. 50లో ఎస్ఎన్ఎఫ్‌కు 27 రూపాయల 80 పైసలు పోతే వెన్నకు మిగిలేది 22 రూపాయలు, అంటే 37 గ్రాములు. గేదె పాలలో ఉన్నది 67. మిగతా 30 గ్రాములు మీగడగా తీసి నెయ్యి కాచుకుంటే గానీ అమ్మేవాడికి గిట్టదు. పేరుకు గేదె పాలే, గిన్నెలో పడేవాటిలో వెన్న ఆవు పాలకంటే తక్కువ.

ఇలా తీసినవాణ్ణి లాక్టోమీటరుతో పట్టుకోవచ్చని అపార్ట్‌మెంట్లవాళ్లు అనుకుంటారు. అది పాల సాంద్రతను మాత్రమే చెబుతుంది. నీళ్లు కలిపితే రీడింగ్ పడిపోతుంది, నిజమే. కానీ వెన్న నీళ్లకంటే తేలిక కాబట్టి వెన్న తీస్తే రీడింగ్ పైకి పోతుంది. ముందు వెన్న తీసి, తర్వాత కొలిచి నీళ్లు పోస్తే రీడింగ్ మళ్లీ మొదటి చోటికే వచ్చి నిలబడుతుంది. అందుకే ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ రెండూ చూడాలి. ఆవు పాలలో వెన్న కనీసం 3.2, ఎస్ఎన్ఎఫ్ కనీసం 8.3 ఉండాలని ఆహార భద్రత నిబంధన. రెండూ కలిసి పడిపోతే అనుమానించాల్సిందే.

అయితే ఒక్క శాంపిల్ చూసి దొంగ అనకండి. నాకు అలా జరిగింది. ఒక ఇంట్లోవాళ్లు పొద్దుటి పాలు పరీక్ష చేయిస్తే వెన్న 3.5, ఇంకోసారి సాయంత్రం పాలు చేయిస్తే 4.2 వచ్చింది. పొద్దున్న నీళ్లు కలుపుతున్నానని గ్రూపులో పెట్టారు. రెండు రోజులు ఒకటే టెన్షన్. జరిగిందేమిటంటే, నేను తెల్లవారి నాలుగింటికి, మధ్యాహ్నం మూడింటికి పిండుతాను. రాత్రి ఎడం 13 గంటలు, పగటి ఎడం 11 గంటలు. ఎడం ఎక్కువైతే పొదుగులో పాలు ఎక్కువ చేరతాయి, వెన్న శాతం తగ్గుతుంది. రెండుపూటల పాలు కలిపితే అదే 3.8. ఎస్ఎన్ఎఫ్ రెండుసార్లూ 8.5 దగ్గరే ఉంది, నీళ్లు కలిపి ఉంటే అదీ తగ్గేది. క్యాను కలియబెట్టకుండా పైన ముంచి తీసిన శాంపిల్, అడుగు నుంచి తీసిన శాంపిల్ కూడా వేరుగా చూపిస్తాయి. మొదట పోయించుకున్న ఇంటికి మీగడ, చివరి ఇంటికి పలచన పాలు వెళ్లేది కూడా ఇందుకే. పోసే ప్రతిసారీ అడుగునుంచి గరిట తిప్పమని అడగండి, అది మీ హక్కు.

పెరుగు గురించి కూడా ఆయన రాశారు. పాలు 50 అయితే పెరుగు 68 ఏమిటి, తోడు చుక్కకు 18 రూపాయలా అని. తోడు దాదాపు ఊరికే వస్తుంది. నష్టమే ఖరీదు. నేను రోజూ 40 లీటర్ల ఆవు పాలు కాచి తోడుపెడతాను. పాల ఖరీదు 2,000, గ్యాసుకు, పనికి 280, మొత్తం 2,280. కాగేటప్పుడు ఆవిరయ్యేదీ గిన్నెకు అంటేదీ పోగా 38 లీటర్లు చేతికొస్తుంది. 38కి పంచితే లీటరు 60. ఆ ధరకు అమ్మినవాడు మూడు నెలల్లో షెడ్డు మూస్తాడు, ఎందుకంటే 38 లీటర్లూ ఎప్పుడూ అమ్ముడుపోవు. శనివారాలు ఊళ్లకు వెళ్లిపోయే ఇళ్లు ఎక్కువ. సగటున నాలుగు లీటర్లు మిగులుతుంది, మర్నాటికి పుల్లబడుతుంది. దాన్ని మజ్జిగ చేసి అమ్మితే 80 రూపాయలు వస్తుంది. 2,280లో ఆ 80 తీసేసి, అమ్ముడైన 34 లీటర్లకే పంచాలి. అప్పుడు దాదాపు 65. మిగిలిన మూడు రూపాయలు నా లాభం అనుకోవచ్చు.

ఏప్రిల్, మే నెలల్లో అదీ ఉండదు. ఎండకు మధ్యాహ్నానికే పులుపెక్కి ఎనిమిది లీటర్ల దాకా మిగులుతుంది. మజ్జిగ డబ్బు 160 తీసేసినా 30 లీటర్లకు పంచితే 70 దాటుతుంది. నేను ఏడాదంతా 68కే ఇస్తాను కాబట్టి వేసవిలో లీటరుకు రెండు మూడు రూపాయలు నష్టం, వానాకాలంలో కొంత పూడుతుంది. డిసెంబరు, జనవరి చలికి రాత్రి పెట్టిన తోడు తెల్లారినా తోడుకోదు, అదో గొడవ. గడ్డి బుట్టలో పెట్టి దుప్పటి కప్పడం మా అమ్మ నేర్పిన పని, ఇప్పటికీ అదే చేస్తున్నాం.

మీ పేపరు ద్వారా నేను అడిగేది ఒక్కటే. విడిపాలు పోసే ప్రతివాడి దగ్గరా ఒక పలక పెట్టించండి. ఆవు పాలా గేదె పాలా, ఎన్నింటికి పిండినవి, ఆ రోజు వెన్న ఎంత, ఎస్ఎన్ఎఫ్ ఎంత, లీటరు ధర ఎంత అని ఐదు ముక్కలు దాని మీద ఉంటే చాలు. అపార్ట్‌మెంట్ సంఘాలు ఆ షరతుతోనే గేటు లోపలికి రానివ్వొచ్చు. వారానికోసారి పాల కేంద్రంలోని మెషీన్ మీద పెట్టించి సరిచూసుకోవచ్చు. పొద్దుటి శాంపిల్, సాయంత్రం శాంపిల్ రెండూ తీసుకోండి. పలక మీద 6.5 అని రాసి గిన్నెలో 4 పోస్తే మర్నాటి నుంచి పాలు మాన్పించండి, నేనైనా సరే. ఈ సోమవారం నుంచి మా బండికి పలక కట్టాను. మొదటి రోజు ఆవు పాలకు 3.7 వచ్చింది, అదే రాసి 50 బదులు 49 తీసుకున్నాను.

ఇట్లు,
ఒక పాడి రైతు,
బూదిగెరె, బెంగళూరు